వాట్సాప్‌లో లింకు పడగానే గర్వం పుడుతుందా?

ఆఫీసు వాట్సాప్ గ్రూపులో హెచ్ఆర్ నుంచి ఓ లింకు వస్తుంది. "అందరూ లైక్ కొట్టి, షేర్ చేసి, కామెంట్ పెట్టండి." పావుగంటలో ముప్పైమంది లింక్డ్‌ఇన్‌లో ఒకే మాట రాస్తారు: ఈ సంస్థలో భాగమైనందుకు గర్వంగా ఉంది. బయటివాళ్లకు విషయం ఇట్టే తెలిసిపోతుంది. ముప్పైమందికీ ఒకే పావుగంటలో, ఒకే మాటల్లో గర్వం పుట్టదు కదా!

ఈ పని పెద్ద ఎత్తున చేసి నవ్వులపాలైంది అమెజాన్. దాని గోదాముల్లో పని ఒత్తిడి మీద అమెరికాలో విమర్శలు ముదిరాక, 2018లో కొందరు ఉద్యోగులను 'ఎఫ్‌సీ అంబాసిడర్లు'గా ట్విటర్‌లో దింపింది. ఎవరైనా అక్కడి పనిని తిడితే చాలు, ఈ ఖాతాలు వెంటనే ప్రత్యక్షమై "నేనూ అక్కడే చేస్తున్నాను, మాకు బాగానే ఉంది" అనేవి. అందరి పేర్లకూ ఒకటే తోక, అందరిదీ ఒకటే ధోరణి. వీళ్లు మనుషులా, యంత్రాలా అని జనం ఎగతాళి చేశారు. నిజమైన ఉద్యోగులేనని కంపెనీ చెప్పుకోవాల్సి వచ్చింది. 2021లో అలబామాలోని బెస్మర్ గోదాములో యూనియన్ ఓటింగ్ జరుగుతున్నప్పుడు నకిలీ అంబాసిడర్ ఖాతాలు కూడా పుట్టుకొచ్చాయి. ఏది అసలో, ఏది వెక్కిరింపో చూసేవాళ్లకు అంతుపట్టలేదు. అదే సమయంలో ది ఇంటర్‌సెప్ట్ పత్రిక కంపెనీ లోపలి పత్రాలను బయటపెట్టింది. హాస్యచతురత ఉన్నవాళ్లను ఎంచుకోవాలనీ, విమర్శలకు ఇలా బదులివ్వాలనీ నమూనా జవాబులతో సహా అందులో ఉంది. 2022 మొదట్లో, ఆ కార్యక్రమాన్ని చప్పుడు చేయకుండా మూసేశారని వార్తలొచ్చాయి.

ఆ మనుషులు నిజమే. వాళ్లకు ఆ పని నచ్చి ఉండొచ్చు కూడా. అయినా నమ్మకం కుదరలేదంటే, మాట వాళ్లది కాకపోవడం వల్లే. ఫలానాది మాత్రం మాకు కష్టమే అని చెప్పే వీలులేని మనిషి, బాగుంది అన్నా విలువుండదు.

మరి ఎలా అడగాలి? ఒక పాల డెయిరీ పల్లెలో కొత్తగా బల్క్ కూలర్ పెట్టిందనుకుందాం. "నూతన శీతలీకరణ కేంద్రాన్ని ప్రారంభించామని తెలియజేయుటకు సంతోషిస్తున్నాము" అని కంపెనీ పోస్టు. దీన్ని ల్యాబ్‌లో పనిచేసే అమ్మాయి షేర్ చేస్తే ఎవరూ ఆగి చదవరు. ఆమెను పిలిచి, "ఈ కూలర్ వచ్చాక నీ పనిలో ఏం మారిందమ్మా?" అని ఒక్క ప్రశ్న వేసి చూడండి. "ఇదివరకు ఎండాకాలంలో క్యాన్లలో వచ్చిన పాలు ఆల్కహాల్ పరీక్షలో విరిగిపోయేవి సార్, వెనక్కి పంపాల్సి వచ్చేది. తెచ్చినాయన ముఖం చూడలేకపోయేదాన్ని. ఇప్పుడు ఊళ్లోనే నాలుగు డిగ్రీలకు చల్లబరుస్తున్నారు కాబట్టి అది తగ్గింది. కరెంటు పోతే మాత్రం మళ్లీ కంగారే" అంటుంది. పోస్టు అదే! ఆ నాలుగు మాటలూ ఆమె చేతే, ఆమెకు వచ్చిన భాషలోనే రాయించాలి. మార్కెటింగ్ వాళ్లు మెరుగులు దిద్దకూడదు. ముఖ్యంగా ఆ కరెంటు మాట కొట్టేయకూడదు, మిగతాదాన్ని నమ్మించేది అదే. రైతుల పేర్లు, ఇంకా ప్రకటించని ధరలు రాయొద్దని ముందే చెబితే చాలు.

ఎవరు షేర్ చేశారు, ఎవరు చేయలేదు అని పట్టిక పెట్టినరోజే ఇదంతా చెడిపోతుంది. ఆ లెక్క అప్రైజల్‌లోకి పోతుందన్న అనుమానం చాలు, రేపటినుంచి మళ్లీ అందరికీ గర్వమే. మేనేజరు "ఇష్టమైతేనే" అని గ్రూపులో అడిగినా అది ఇష్టం కాదు, ఎవరు మౌనంగా ఉన్నారో అందరికీ కనిపిస్తుంది కదా. అందుకే విడిగా అడగాలి, వద్దంటే మళ్లీ ఎత్తకూడదు. రాసేది కూడా ఆఫీసు సమయంలోనే రాయనివ్వాలి. వందమందిలో ఐదారుగురే ముందుకొస్తారు, సరిపోతుంది. పని చేసిందో లేదో షేర్ల లెక్కతో తేలదు. సంస్థతో సంబంధం లేనివాళ్లు కింద ప్రశ్నలు అడుగుతున్నారా అని చూడాలి. మెచ్చుకోళ్లన్నీ పక్క సీటువాళ్లవే అయితే ఆ పోస్టు గేటు దాటలేదన్నమాట. జీతాలు ఆలస్యమైన నెలలో, మనుషులను తీసేస్తున్న రోజుల్లో ఈ ఊసే ఎత్తకపోవడం మర్యాద.

ఇంకోటి. తన కంపెనీ సరుకును మెచ్చుకునే ఉద్యోగి తానక్కడే పనిచేస్తున్నానని ఆ పోస్టులోనే చెప్పాలి. ప్రొఫైల్‌లో ఉందిగా అంటే కుదరదు. సోషల్ మీడియాలో సరుకులను మెచ్చుకుంటూ రాసేవాళ్లకోసం కేంద్ర ప్రభుత్వం 2023 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాలు, వెల్లడించాల్సిన సంబంధాల్లో డబ్బు, ఉచిత బహుమతులతోపాటు ఉద్యోగాన్నీ చేర్చాయి.