ఆన్‌లైన్ దుకాణాల వాపసు నిబంధనలు – అస్పష్టతను గుర్తించడం ఎలా?

ఊళ్లలోని దుకాణాల బిల్లు పుస్తకాలపై ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అన్న వాక్యం చాలా కాలంగా వినియోగదారులకు పరిచితమైనదే. వ్యాపారం ఆన్‌లైన్‌కు మారినప్పుడు ఆ వాక్యమే ‘షరతులు, నిబంధనలు’ అనే పేజీలోకి రూపు మార్చుకొని చేరుతున్నది. చిన్న దుకాణాలు ఈ పేజీని తరచుగా వేరొక వెబ్‌సైట్ నుంచి యథాతథంగా తీసుకొని పెట్టుకొనడం వలన, సరుకు ఎప్పటిలోగా తిప్పి పంపాలి, సొమ్ము ఎప్పటికి చేతికి వస్తుంది అన్న రెండు ముఖ్య విషయాలు అందులో తేలకుండా మిగిలిపోతున్నాయి. ఇటువంటి పేజీని పరిశీలించవలసిన అధికారులకు, దానిపై వార్త రాయవలసిన పాత్రికేయులకు ఉపయోగపడగల అంశాలు ఈ దిగువ వివరించబడినవి.

చట్టం ఏమి చెబుతున్నది

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద కేంద్ర ప్రభుత్వం 2020 జూలైలో ఈ-కామర్స్ నిబంధనలను నోటిఫై చేసింది. తన సొంత సరుకును తన వెబ్‌సైట్ ద్వారానే నేరుగా విక్రయించే దుకాణానికి వీటిలోని 7వ నిబంధన వర్తిస్తుంది. సరుకు వాపసు, మార్పిడి, సొమ్ము తిరిగి చెల్లింపు, తిప్పి పంపడానికయ్యే రవాణా ఖర్చు ఎవరిది అన్న వివరాలను కొనుగోలుదారుకు స్పష్టంగా కనిపించేటట్లు ప్రదర్శించాలని ఈ నిబంధన నిర్దేశిస్తున్నది. దుకాణం చిన్నదన్న కారణంగా మినహాయింపు లేదు. వ్యాపారంగా కాక, వ్యక్తిగత హోదాలో ఎప్పుడో ఒకసారి తన వస్తువును అమ్ముకొనే వ్యక్తికి మాత్రమే ఇవి వర్తించవు.

ఇక్కడ ఒక భేదాన్ని గమనించవలసి ఉంది. ‘మనసు మార్చుకొన్నాను’ అన్న కారణంతో సరుకు తిప్పి ఇచ్చే సాధారణ హక్కును ఈ నిబంధనలు కల్పించలేదు. అటువంటి వాపసును అనుమతించడం, అనుమతించకపోవడం దుకాణం ఇష్టం; అయితే ఆ విషయాన్ని ముందుగా చెప్పి తీరాలి. సరుకు లోపభూయిష్టమైనా, నకిలీదైనా, ప్రకటనలో చూపిన లక్షణాలు లేనిదైనా, చెప్పిన గడువు దాటి అందినా పరిస్థితి వేరు. అప్పుడు సరుకును వెనుకకు తీసుకొనడానికి గాని, సొమ్ము తిరిగి ఇవ్వడానికి గాని విక్రేత నిరాకరించరాదు. ఆలస్యానికి విపత్తుల వంటి అనివార్య కారణాలు ఉన్నప్పుడు మాత్రం ఆలస్యం విషయంలో మినహాయింపు ఉన్నది. కాబట్టి ‘డిస్కౌంట్‌పై అమ్మిన వస్తువులకు రిటర్న్ లేదు’ అన్న షరతు నచ్చని చీర విషయంలో చెల్లుతుంది గాని, చినిగిన చీర విషయంలో విక్రేతకు రక్షణ కాజాలదు.

ఒక ఉదాహరణ

చేనేత చీరలు విక్రయించే ఒక చిన్న ఆన్‌లైన్ దుకాణం పేజీలో ఈ రెండు వాక్యాలు ఉన్నవనుకొందాం: ‘7 రోజులలోగా రిటర్న్ చేయవచ్చును. తనిఖీ అనంతరం 10 పని దినాలలో రీఫండ్ ప్రాసెస్ చేయబడుతుంది.’ చదివినంతనే ఇవి సక్రమంగానే కనిపిస్తాయి. తేదీలు వేసి చూసినప్పుడే లోపం బయటపడుతుంది.

కొనుగోలుదారు 1వ తేదీన రూ. 4,200 చెల్లించి చీరను ఆర్డర్ చేయగా, 6వ తేదీన పార్శిల్ అందింది. చీర మధ్యలో నేత లోపం ఉన్నట్లు 9వ తేదీన గమనించి దుకాణానికి తెలియజేశారు. 7 రోజులను ఆర్డర్ తేదీ నుంచి లెక్కిస్తే గడువు 8వ తేదీతోనే ముగిసింది. పార్శిల్ అందిన తేదీ నుంచి లెక్కిస్తే 13వ తేదీ వరకు గడువు ఉన్నది. ‘రిటర్న్ చేయడం’ అంటే దుకాణానికి తెలియజేయడమా, లేక చీర దుకాణానికి చేరడమా అన్నది కూడా పేజీలో లేదు. కొరియర్‌కు 4 రోజులు పట్టేటట్లయితే, రెండవ అర్థం ప్రకారం 9వ తేదీనే చీరను పంపి ఉండాలి. ఒకే వాక్యం ప్రకారం ఇదే కొనుగోలుదారు గడువులోపల ఉన్నట్లూ, గడువు దాటినట్లూ కూడా చెప్పవచ్చును.

ఇక రీఫండ్ విషయం. 11వ తేదీన పంపిన చీర 15వ తేదీన దుకాణానికి చేరింది. తనిఖీకి ఎన్ని రోజులో పేజీలో లేదు. దుకాణం 5 రోజులు తీసుకొని 20వ తేదీన ముగించింది. వారానికి 5 పని దినాల చొప్పున 10 పని దినాలు అంటే మధ్యలో సెలవులు లేకున్నా 14 రోజులు. ఆ లెక్కన మరుసటి నెల 4వ తేదీ నాటికి రీఫండ్ ‘ప్రాసెస్’ అవుతుంది. ఈ మాటకు దుకాణం తన బ్యాంకుకు ఆదేశం ఇవ్వడమని మాత్రమే అర్థం చెప్పుకొంటే, సొమ్ము ఖాతాలో జమ కావడానికి మరికొన్ని రోజులు పడుతుంది. కొనుగోలుదారు మాత్రం ఫిర్యాదు చేసిన 9వ తేదీ నుంచి లెక్క వేసుకొని 23వ తేదీకల్లా సొమ్ము వస్తుందని ఎదురుచూస్తారు. వివాదం పుట్టేది ఈ వ్యత్యాసం వల్లనే.

పరిశీలనలో చూడవలసినవి

దీనిని బట్టి, పేజీలో కనిపించే ప్రతి గడువుకూ మూడు ప్రశ్నలు వేయవలసి ఉంటుంది. గడువు ఏ తేదీ నుంచి మొదలవుతుంది? ఏ పని పూర్తయితే ముగుస్తుంది? మధ్యలో కాలపరిమితి లేని దశ ఏదైనా ఉన్నదా? పై ఉదాహరణలో ‘తనిఖీ అనంతరం’ అన్న మాటే అటువంటి దశ. తనిఖీ ఎన్నడు ముగియాలో చెప్పనప్పుడు, దాని తరువాత ఇచ్చిన 10 రోజుల హామీకి విలువ లేదు.

రీఫండ్‌కు గడువే పేర్కొనని పేజీలు కూడా ఉంటాయి. లోపమున్న సరుకు విషయంలో ఈ ఖాళీని చట్టమే పూరిస్తున్నది. బిల్లులో గాని, రశీదులో గాని పేర్కొన్న గడువులోగా, గడువు పేర్కొననప్పుడు 30 రోజులలోగా సరుకును వెనుకకు తీసుకొని సొమ్ము తిరిగి ఇవ్వడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతి అని 2019 చట్టం 2వ సెక్షన్‌లోని 47వ క్లాజు నిర్వచించింది. విఫలమైన చెల్లింపుల గురించి రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో నిర్దేశించిన గడువులను దీనితో కలపరాదు. ఖాతా నుంచి సొమ్ము పోయి, దుకాణానికి చేరని సందర్భాలకే అవి వర్తిస్తాయి. తిప్పి పంపిన సరుకు రీఫండ్‌కు కాదు.

పై రెండు వాక్యాలను ఈ విధంగా సవరించినట్లయితే అస్పష్టత తొలగుతుంది: ‘పార్శిల్ అందిన తేదీ నుంచి 7 రోజులలోగా ఈ-మెయిల్ ద్వారా గాని, ఫోన్ ద్వారా గాని తెలియజేయవలెను. చీర మాకు చేరిన 3 రోజులలోగా తనిఖీ పూర్తి చేసి, ఆ తరువాత 7 రోజులలోగా సొమ్మును చెల్లించిన ఖాతాకే జమ చేస్తాము. లోపమున్న సరుకుకు రవాణా ఖర్చు మాదే.’ ఈ స్పష్టత విక్రేతకు కూడా మేలు చేస్తుంది. 14వ రోజున వచ్చిన ‘నచ్చలేదు’ అన్న కోరికను తిరస్కరించడానికి అతనికి రాతపూర్వకమైన ఆధారం ఉంటుంది.

ఫిర్యాదు మార్గం

గ్రీవెన్స్ అధికారి పేరు, హోదా, సంప్రదించవలసిన వివరాలు వెబ్‌సైట్‌లో ఉండాలి. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలియజేసి, నెల రోజులలో పరిష్కరించవలసి ఉంటుంది. అప్పటికీ ఫలితం లేనప్పుడు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు తెలియజేయవచ్చును. దుకాణం వేరే రాష్ట్రంలో ఉన్నప్పటికీ, తాను నివసించే జిల్లాలోని వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్‌లోనే, వివాదానికి కారణం ఏర్పడిన నాటి నుంచి 2 సంవత్సరాలలోగా ఫిర్యాదు దాఖలు చేయవచ్చును. దుకాణాలు తమ పేజీని ఎప్పుడైనా మార్చుకొనే వీలున్నందున, ఆర్డర్ చేసిన నాటి షరతుల ప్రతిని తేదీతో సహా భద్రపరచుకొన్న వారికి ఆ దశలో సరైన ఆధారం చేతిలో ఉంటుంది.