ఫైలు ఒకటి, చేతులు రెండు

పంపును బిగించే ఇనుప బ్రాకెట్ ఒకటి అనుకుందాం. మందం 6 మిల్లీమీటర్లు, అందులో ఎం10 బోల్టుల కోసం 11 మి.మీ. రంధ్రాలు నాలుగు. పంపు బరువు పెరిగిందని కస్టమర్ కబురు పెట్టాడు. మందాన్ని 8కి పెంచే పని ఒక డిజైనర్‌ది. బోల్టులు ఎం12కి మారాయి కాబట్టి రంధ్రాలను 13.5కి పెంచే పని పక్క సీట్లోని రెండో డిజైనర్‌ది.

ఫైలు ఆఫీసు సర్వర్లో అందరూ వాడే ఫోల్డర్లో ఉంది. నేరుగా అక్కడి నుంచే తెరిస్తే చాలా డిజైన్ సాఫ్ట్‌వేర్లు ‘దీన్ని ఇంకొకరు వాడుతున్నారు’ అని హెచ్చరిస్తాయి. కానీ నెట్‌వర్క్ నెమ్మదిగా ఉందని ఇద్దరూ ఫైలును తమ కంప్యూటర్లోకి కాపీ చేసుకున్నారు. మొదటాయన మధ్యాహ్నానికి పని ముగించి ఫైలును తిరిగి ఫోల్డర్లో పెట్టాడు. సాయంత్రం రెండో ఆయనా పెట్టాడు. ‘ఈ పేరుతో ఫైలు ఉంది, దాని స్థానంలో దీన్ని పెట్టమంటారా?’ అని కంప్యూటర్ అడిగింది. తన పాత ఫైలే కదా అనుకుని సరే అన్నాడు. రంధ్రాలు 13.5 అయ్యాయి, మందం మళ్లీ 6కి వచ్చేసింది.

ఇందులో ప్రమాదం ఏమిటంటే, ఫైలు ఎక్కడా పాడైనట్టు కనిపించదు. చక్కగా తెరుచుకుంటుంది, కొలతలన్నీ ఒకదానికొకటి సరిపోతాయి. షీటు కోసి, రంధ్రాలు వేసి, పంపు బిగించి, అది అదరడం మొదలయ్యాక గానీ బయటపడదు.

మరి ఇద్దరి మార్పులనూ కలిపేయలేమా? ప్రోగ్రామర్లు రోజూ చేసే పనే అది. వాళ్లు రాసేది అక్షరాల్లో ఉంటుంది కనుక, ఏ వరుస ఎవరు మార్చారో పోల్చి రెండింటినీ ఒకటి చేయొచ్చు. త్రీడీ మోడల్ అలాంటిది కాదు. ముందు ప్లేటు, దాని మీద రంధ్రం, ఆ రంధ్రం అంచు నుంచి కొలిచిన మరో గాడి, ఇలా ఒకదాని మీద ఒకటి ఆధారపడే మెట్ల వరుస అది. కింది మెట్టు మారితే పైవన్నీ మళ్లీ లెక్క కట్టాలి. అలాంటి రెండు ఫైళ్లను నమ్మకంగా కలిపే దారి సాధారణ డిజైన్ ఆఫీసులకు లేదు. అందుకే ప్రోడక్ట్ డేటా మేనేజ్‌మెంట్, అంటే పీడీఎం వ్యవస్థలు వేరే దారి పట్టాయి. ఒక సమయంలో ఒక ఫైలు ఒక్కరి చేతిలోనే ఉంటుంది.

సాలిడ్‌వర్క్స్ పీడీఎం, ఆటోడెస్క్ వాల్ట్ వంటి వ్యవస్థల్లో అసలు ఫైళ్లు ‘వాల్ట్’ అనే భద్రమైన చోట ఉంటాయి. మార్చాలనుకున్న డిజైనర్ ఫైలును చెక్ అవుట్ చేస్తాడు. సర్వర్లో ఉన్న తాజా ప్రతి అతని కంప్యూటర్లోకి వస్తుంది, మార్చే హక్కూ వస్తుంది. ఆ క్షణం నుంచి మిగతా అందరికీ ఆ ఫైలు పక్కన అతని పేరు కనిపిస్తుంది. తెరిచి చూడొచ్చు, కొలతలు చదువుకోవచ్చు, దాని మీద సేవ్ చేయడం మాత్రం కుదరదు. పని అయ్యాక ‘మందం 6 నుంచి 8, కస్టమర్ కోరిక’ అని ఒక ముక్క రాసి చెక్ ఇన్ చేస్తాడు. పాత ప్రతి చెరిగిపోదు, దాని పక్కనే కొత్త వెర్షన్ నిలుస్తుంది. ఇప్పుడు రెండో డిజైనర్ చెక్ అవుట్ చేస్తే అతని ముందుకు వచ్చేది 8 మి.మీ. ప్లేటే. పని వద్దనుకుంటే చెక్ అవుట్‌ను రద్దు చేసుకోవచ్చు. అయితే అలా చేస్తే అప్పటిదాకా చేసిన మార్పులన్నీ పోతాయి. కొత్తగా చేరినవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఈ బటన్ దగ్గరే.

తాళం ఉన్నా ఒక సందు మిగులుతుంది. మార్చకుండా చూడ్డానికి మాత్రమే తెరిచే ఫైలు మన కంప్యూటర్లో మిగిలిపోయిన పాత ప్రతి కావచ్చు. సాలిడ్‌వర్క్స్ పీడీఎంలో వెర్షన్ దగ్గర 3/5 అని కనిపిస్తే, సర్వర్లో అయిదో వెర్షన్ ఉండగా మన దగ్గర మూడోదే ఉందని అర్థం. దాన్ని చూసుకోకుండా పాత బ్రాకెట్ చుట్టూ కొత్త పంపు అసెంబ్లీ కడితే, ఎవరూ దేన్నీ చెరపకుండానే తప్పు జరిగిపోతుంది. అసెంబ్లీ తెరిచే ముందు దాని కింది భాగాలన్నిటికీ తాజా ప్రతి తెచ్చుకునే అలవాటు అందుకే ఉండాలి.

ఇక వెర్షన్ వేరు, రివిజన్ వేరు. చెక్ ఇన్ చేసిన ప్రతిసారీ వెర్షన్ అంకె పెరుగుతుంది. అది డిజైనర్ల ఇంటి లెక్క. రివిజన్ మాత్రం తనిఖీ చేసేవాళ్లు చూసి, ఆమోదించి, తయారీకి పంపినప్పుడే మారుతుంది. బ్రాకెట్ పన్నెండు వెర్షన్లు దాటినా వర్క్‌షాపుకు తెలిసేది రివిజన్ ఎ, ఆ తర్వాత బి అనే. అమెరికాలో వాడే ఏఎస్‌ఎంఈ ప్రమాణం ఈ వరుసలో ఐ, ఓ, క్యూ, ఎస్, ఎక్స్, జెడ్ అక్షరాలను వాడొద్దంటుంది. నూనె మరకలు పడ్డ కాగితం మీద ఐ ఒకటిలా, ఓ సున్నాలా, ఎస్ అయిదులా కనిపించడం ఎంత తేలికో షాపులో పనిచేసినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఈ గుర్తులు నిజం చెప్పకపోతే ఏమవుతుందో జనరల్ మోటార్స్ ఇగ్నిషన్ స్విచ్ వ్యవహారం చూపించింది. ఆ కంపెనీ చిన్న కార్లలో తాళంచెవి తగినంత గట్టిగా నిలిచేది కాదు. కుదుపుకు తిరిగిపోతే ఇంజిన్ ఆగేది, ఎయిర్‌బ్యాగులు తెరుచుకునేవి కావు. 2006లో లోపలి స్ప్రింగును, ప్లంజర్‌ను మార్చి స్విచ్‌ను గట్టిపరిచారు కానీ పార్ట్ నంబరు మాత్రం మార్చలేదు. కాగితం మీద పాతదీ కొత్తదీ ఒకటే. కొత్త కార్లలో రాని ప్రమాదం పాత కార్లలో ఎందుకొస్తోందో కంపెనీ పరిశోధకులకే ఏళ్ల తరబడి అంతు చిక్కలేదు. ఒక ప్రమాద కేసులో బాధితుల తరఫు ఇంజినీరు రెండు స్విచ్‌లను విప్పి పక్కపక్కన పెట్టి చూసినప్పుడు తేడా బయటపడింది. 2014లో సుమారు 26 లక్షల కార్లను వెనక్కి పిలిచారు. కంపెనీ నియమించిన పరిహార నిధి 124 మరణాలకు పరిహారం అంగీకరించింది.

ఏ పీడీఎం కూడా అలాంటి నిర్ణయాన్ని తనంతట తాను అడ్డుకోలేదు. పాత ముక్క స్థానంలో కొత్తది నిశ్చింతగా బిగించగలిగితే రివిజన్ మార్చాలి. ఆకారంలోగానీ, బిగింపులోగానీ, పనితీరులోగానీ పాతదానికి బదులు కాలేనంత తేడా వస్తే నంబరే మార్చాలి. ఏది ఏదో తేల్చాల్సింది మనుషులే. మన బ్రాకెట్ సంగతే చూడండి. రంధ్రాలు 13.5 అయ్యాక పాత ముక్కలో ఎం12 బోల్టు దూరదు. అంటే దానికి కొత్త నంబరు కావాలి, ఒట్టి రివిజన్ బి సరిపోదు.

రోజువారీ తంటాలు ఇంతకంటే చిన్నవే అయినా వేధిస్తాయి. ఫైలు చెక్ అవుట్ చేసి పండక్కి ఊరెళ్లిన డిజైనర్ ఉంటాడు. నిర్వాహకుడు ఆ తాళం తీసేయగలడు. కానీ ఊరెళ్లినాయన మార్పులు అతని కంప్యూటర్లోనే ఉండిపోతాయి. తిరిగొచ్చాక వాటిని నేరుగా చెక్ ఇన్ చేయలేడు. తన ప్రతిని పక్కన దాచుకుని, తాజాది మళ్లీ చెక్ అవుట్ చేసి, మార్పులను చేత్తో వేసుకోవాలి. అందుకే చాలా ఆఫీసుల్లో సాయంత్రం ఇంటికి వెళ్లేముందు, పని సగంలో ఉన్నా సరే, చెక్ ఇన్ చేసి వెళ్లాలని నియమం పెట్టుకుంటారు. ఆమోదం రాలేదు కాబట్టి రివిజన్ మారదు, సగం పని వర్క్‌షాపుకు చేరదు.

వాల్ట్ చూపు అందని చోటు వర్క్‌షాపు గోడ. అక్కడ అంటించిన పాత ప్రింటుకు తాళం లేదు. బి ఆమోదం పొందిన రోజున ఎ ప్రింట్లను ఎవరు ఏరి చించాలో పేరు పెట్టి అప్పగించిన చోటే పాత కొలతల ముక్కలు తయారవడం ఆగుతుంది. ప్రింటు తీసిన తేదీ, రివిజన్ అక్షరం డ్రాయింగ్ మూలన వాటంతట అవే పడేలా అమర్చుకుంటే, మిషన్ దగ్గరున్న ఆపరేటరు స్క్రీన్ మీది అక్షరంతో పోల్చి చూసుకున్నాకే మొదటి షీటు కోయగలుగుతాడు.