భైరవిలో రెండు ‘ద’లు: వర్ణం నేర్పే రాగ వ్యాకరణం

కర్ణాటక సంగీతం నేర్చుకునే పిల్లలు సరళీ వరసలతో మొదలుపెట్టి జంట వరసలు, అలంకారాలు, గీతాలు, స్వరజతులు దాటి వర్ణం దగ్గరికి వస్తారు. అప్పటిదాకా సాఫీగా పాడుతూ వచ్చినవాళ్లు ఇక్కడ తడబడతారు. వర్ణం పొడవుగా ఉంటుంది, అందులో మాటలు తక్కువ, స్వరాలు ఎక్కువ. నేర్చిన పాటనే రెండింతల వేగంతో మళ్లీ పాడమంటారు గురువుగారు. నెలల తరబడి అదే పాటా అని ఇంట్లోవాళ్లు కూడా విసుక్కుంటారు. ఆ నెలల్లో జరిగే పని బయటికి కనిపించదు. అది వినపడాలంటే వర్ణం కట్టడి ముందు కొంచెం తెలియాలి.

వర్ణానికి రెండు భాగాలుంటాయి. పూర్వాంగంలో పల్లవి, అనుపల్లవి, ముక్తాయి స్వరం. ముక్తాయి స్వరం పాడి మళ్లీ పల్లవి ఎత్తుకుంటే మొదటి సగం పూర్తవుతుంది. ఉత్తరాంగం చరణంతో మొదలవుతుంది. చరణం ఒకటే వరుస, దానికే ఎత్తుగడ పల్లవి అని ఇంకో పేరు. తరవాత ఎత్తుగడ స్వరాలు ఒక్కొక్కటిగా వస్తాయి, ప్రతి దాని చివరా మళ్లీ చరణం అందుకోవాలి. మొదటి ఎత్తుగడ స్వరంలో సాధారణంగా దీర్ఘ స్వరాలు ఉంటాయి, పోనుపోను స్వరాలు దగ్గరవుతాయి, చివరిది అన్నిటికన్నా పెద్దది. పాత వర్ణాల్లో కొన్నిటికి దీని తరవాత అనుబంధం అనే భాగం కూడా ఉండేది. ఇప్పుడు దాన్ని పాడేవాళ్లు అరుదు.

సాధనకు, కచేరీకి వాడే ఈ రకాన్ని తాన వర్ణం అంటారు. ఇందులో పల్లవికి, అనుపల్లవికి, చరణానికి మాత్రమే సాహిత్యం ఉంటుంది. నాట్యానికి వాడే పద వర్ణంలో స్వర భాగాలకూ మాటలుంటాయి, నడక కూడా నిదానం. తాన వర్ణాల సాహిత్యం చాలావరకు తెలుగే. రాసినవాళ్లలో పట్నం సుబ్రహ్మణ్యయ్యర్, ఆయన శిష్యుడు రామనాథపురం శ్రీనివాసయ్యంగార్ లాంటి తమిళదేశపు విద్వాంసులు ఎందరో ఉన్నారు. తెలుగువాళ్లకు మాట పరాయిది కాదు కాబట్టి మన పిల్లలకు ఒక కష్టం తప్పుతుంది. కానీ మిగతా కష్టమంతా మాటలో లేదు, ఒక్కో అక్షరాన్ని నాలుగైదు స్వరాల మీదుగా లాగడంలో ఉంది.

ముందు వేగం సంగతి చూద్దాం. శ్రీనివాసయ్యంగార్ మోహన రాగంలో కట్టిన ‘నిన్నుకోరి’ వర్ణం చాలామంది మొదట్లోనే నేర్చుకుంటారు. తాళం ఆది. ఒక దెబ్బ, మూడు వేళ్లు, తరవాత దెబ్బ, అరచేయి తిప్పడం, మళ్లీ దెబ్బ, తిప్పడం. మొత్తం ఎనిమిది లెక్కలు కలిస్తే ఒక ఆవర్తనం. లెక్కకు రెండు సెకన్లు పట్టేలా నిదానంగా తాళం వేస్తున్నామనుకోండి. ఆవర్తనానికి 16 సెకన్లు. మొదటి కాలంలో ఒక్కో లెక్కలో నాలుగు స్వరాలు ఇముడుతాయి కాబట్టి ఆవర్తనానికి 32, అంటే సెకనుకు రెండు. పల్లవి, అనుపల్లవి, ముక్తాయి స్వరం తలా రెండు ఆవర్తనాలు. మొత్తం ఆరు, అంటే 96 సెకన్లు.

రెండో కాలంలో చెయ్యి అదే నిదానంతో పడుతుంది. పాట మాత్రమే రెండింతలవుతుంది. లెక్కకు ఎనిమిది స్వరాలు, సెకనుకు నాలుగు. పూర్వాంగం మూడు ఆవర్తనాల్లో, 48 సెకన్లలో ముగుస్తుంది. చరణం దగ్గర లెక్క ఇంకా అందంగా ఉంటుంది. చరణం ఒక్క ఆవర్తనమే కాబట్టి రెండో కాలంలో అది అర ఆవర్తనానికి వస్తుంది. విడిగా పాడితే రెండుసార్లు పాడి ఆవర్తనం నింపాలి. ఒక ఆవర్తనపు ఎత్తుగడ స్వరమూ అర ఆవర్తనమే అవుతుంది, దాని వెనకాల వచ్చే చరణం మిగిలిన సగాన్ని నింపుతుంది. అంటే చరణం తాళం నడిమధ్యలో మొదలవుతుంది. మొదటి కాలంలో దెబ్బ మీద ఎత్తుకున్న వరుసను ఇప్పుడు అయిదో లెక్క మీద ఎత్తుకోవాలి. పాట మనసులో స్థిరపడని విద్యార్థి చెయ్యి సరిగ్గా ఇక్కడే ఆగిపోతుంది.

ఎక్కువమంది చేసే తప్పు పాటతో పాటు చేతిని కూడా పరుగెత్తించడం. అప్పుడు రెండో కాలం అసలు రాలేదన్నమాట, మొదటి కాలాన్నే తొందరగా పాడారు. దీన్ని కనిపెట్టడం తేలిక. ఫోన్‌లో గడియారం పెట్టుకుని రెండు కాలాల్లోనూ ఒక్కో ఆవర్తనం ఎంతసేపు పట్టిందో చూడండి. రెండు అంకెలూ ఒకటే కావాలి. రెండో తప్పు కాస్త దాక్కుని ఉంటుంది. ఆవర్తనం మొత్తం సరిపోతుంది గానీ, లోపల దీర్ఘ స్వరాలను తుంచేసి, ఆ మిగిలిన సమయాన్ని దగ్గరదగ్గర స్వరాలు వచ్చే చోట వాడుకుంటారు. నాలుగు మాత్రలు నిలవాల్సిన గాంధారం మూడింటికే తెగిపోతుంది. ఈ తెగడం తాళం వేసే చేతికి తెలియదు, పక్కన కూర్చుని వినేవాళ్ల చెవికి తెలుస్తుంది. అందుకే వర్ణం ఒంటరిగా సాధన చేస్తే కొన్ని తప్పులు ముదిరిపోతాయి.

ఇక మూడో కాలం. ఇదే తాళంలో సెకనుకు ఎనిమిది స్వరాలు. గొంతు పలకగలదేమో గానీ గమకానికి చోటుండదు. మూడో కాలం పాడదలచుకుంటే తాళాన్ని ఇంకా నిదానం చేసుకోవాలి. అలా చెయ్యకుండా పాడిన మూడో కాలం గొంతుకు కసరత్తే తప్ప రాగానికి పనికిరాదని నా అభిప్రాయం.

వేగం సంగతి ఇంతే అయితే దానికి అలంకారాలు చాలు. అలంకారాలను కూడా మూడు కాలాల్లో పాడిస్తారు కదా? తేడా రాగంలో ఉంది. మోహనంలో స, రి, గ, ప, ద అనే అయిదే స్వరాలు, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ అవే. ఆరోహణ అవరోహణ తెలిస్తే రాగం రూపు కొంతైనా చేతికి వస్తుంది. భైరవి అలా లొంగదు.

భైరవికి అందరూ చెప్పే వర్ణం పచ్చిమిరియం ఆదియప్పయ్య గారి ‘విరిబోణి’. ఆయన 18వ శతాబ్దపు తంజావూరు విద్వాంసుడు. తాన వర్ణాలకు దారి చూపినవాడన్న బిరుదు ఆయనకు ఈ ఒక్క వర్ణంతోనే చెల్లుతుంది. తాళం ఖండజాతి అట. అయిదు లెక్కల లఘువులు రెండు, తరవాత రెండు లెక్కల ద్రుతాలు రెండు, మొత్తం 14. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో అచ్చువేయించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో స్వరాలతో పాటు గమకాలకూ గుర్తులు పెట్టారు. ఉత్త స్వరాలు రాస్తే రాగం కాగితం మీదికి రాదని ఆయనకు బాగా తెలుసు.

భైరవిలో ధైవతాలు రెండు. ఎక్కేటప్పుడు ‘ప ద ని స’ అంటే పలికేది చతుశ్శ్రుతి ధైవతం, కాస్త పైది. దిగేటప్పుడు ‘స ని ద ప’ అంటే శుద్ధ ధైవతం, కిందది. ఇంతవరకు పుస్తకంలో చదివి తెలుసుకోవచ్చు. ఇప్పుడు ‘ప ద ని ద ప’ అని పాడండి. మొదటి ‘ద’ ఎక్కుతూ వచ్చిందే కదా, పైది పలకాలా? కాదు. ఆ ప్రయోగం నిషాదం దాటి షడ్జం దాకా పోవడం లేదు, వెనక్కి తిరిగి పంచమానికి వస్తోంది. అందుకని రెండు ‘ద’లూ కిందవే. అంటే ఏ ధైవతం పలకాలో తేల్చేది దాని ముందున్న స్వరం మాత్రమే కాదు, ఆ పలుకుబడి ఎటు పోతోందన్నది. ‘ద’ పలికేటప్పటికే పాడేవాడికి రెండు స్వరాల తరవాత ఎక్కడుంటాడో తెలిసి ఉండాలి.

మనం రెంటికీ ‘ద’ అనే పాడతాం. స్వరం పేరు ఇక్కడ ఏ సాయమూ చెయ్యదు. నోటు పుస్తకంలోనూ రెండూ ఒకే అక్షరం. కాబట్టి ఈ నియమాన్ని ఆలోచించి పాటించడం కుదరదు, పలుకుబడి పలుకుబడిగా గొంతుకు అలవాటు కావాలి. పుట్టినింటి భాషలో ‘వచ్చాడు’, ‘వచ్చింది’ ఎక్కడ వాడాలో వ్యాకరణం చదవకుండానే వస్తాయి చూడండి, అలాగ. విరిబోణిలో షడ్జానికి ఎక్కే వరుసలు, నిషాదం దగ్గర వెనుతిరిగే వరుసలు మళ్లీ మళ్లీ వస్తాయి. వందలసార్లు పాడిన విద్యార్థికి తప్పు ధైవతం పలికితే కారణం చెప్పలేకపోయినా చెవికి గుచ్చుకుంటుంది.

భైరవికి పొరుగు రాగం ముఖారి. దాని స్వరాలూ ఇవే, రెండు ధైవతాలూ ఉన్నాయి. అయితే ముఖారి ఎక్కేటప్పుడు గాంధారాన్ని వదిలేస్తుంది, ‘స రి మ ప’ అంటుంది. భైరవి ‘రి గ మ ప’ అని గాంధారం మీదుగా నడుస్తుంది. ఆ ఒక్క మెట్టు జారితే వినేవాళ్లకు వేరే రాగం తలుపు తట్టినట్టు ఉంటుంది. వర్ణం నేర్చిన గొంతు ఆ తప్పుదారి పట్టదు, ఎందుకంటే అందులో ఆ మలుపు ఎక్కడా లేదు. వర్ణకర్త రాగంలో చెల్లే పలుకుబడులను ఏరి పెట్టడమే కాదు, చెల్లనివాటిని దగ్గరికి రానివ్వలేదు.

వేగానికీ వ్యాకరణానికీ ఉన్న ముడి ఇక్కడ కనిపిస్తుంది. మొదటి కాలంలో భైరవి గాంధారాన్ని, నిషాదాన్ని తీరుబడిగా ఊపడానికి సమయం ఉంటుంది. రెండో కాలంలో ఆ సమయం సగమే. అన్ని ఊపులూ పట్టవు. కొన్ని వదిలెయ్యాలి, కానీ అన్నీ వదిలేస్తే గాంధారం చదునై, భైరవి కాస్తా మేళకర్త వరసలా, హార్మోనియం మెట్లు వరసగా నొక్కినట్టు వినిపిస్తుంది. నాలుగు ఊపుల చోట ఒకటి, అదీ కుదరకపోతే పై స్వరాన్ని తాకి దిగిన జాడైనా మిగలాలి. ఏది వదలొచ్చో, ఏది వదిలితే రాగం పోతుందో విద్యార్థి తేల్చుకునేది రెండో కాలంలోనే. రెండు కాలాలనూ రికార్డు చేసి వెంటవెంటనే వినండి. రెండోదాంట్లో రాగం పలచబడితే వేగం ఇంకా రాలేదని అర్థం, లెక్క ఎంత కచ్చితంగా ఉన్నా సరే. తాళాన్ని కాస్త తగ్గించి మళ్లీ మొదటినుంచి.

శ్రీనివాసయ్యంగార్ శిష్యుడు అరియక్కుడి రామానుజయ్యంగార్ తీర్చిన కచేరీ పద్ధతిలో మొట్టమొదట పాడేది వర్ణమే. గొంతు, శ్రుతి, పక్కవాద్యాల నడక అన్నీ అక్కడే కుదురుకుంటాయి. నేర్చుకునేవాళ్లకు మాత్రం దాని అక్కర ఇంకోచోట తెలుస్తుంది. కొన్నేళ్ల తరవాత ఏదో భైరవి కీర్తనకు కల్పనస్వరం వెయ్యమంటారు గురువుగారు. రాసిచ్చింది ఏమీ ఉండదు, తాళం నడుస్తూనే ఉంటుంది. మొదట నోట్లోంచి వచ్చేవి విరిబోణి ఎత్తుగడ స్వరాల ముక్కలే. కొన్నాళ్లు అలాగే రానివ్వాలి. వాటిని తెంచి, కలిపి, తిప్పి పాడడం మొదలయ్యాక సొంత స్వరాలు వాటంతటవే వస్తాయి.