గౌరవ వేతనంలో గౌరవమెంత?

శాలిబండ నుంచి ప్రభుత్వ జూనియర్ కళాశాలకు వెళ్లే ఒక గెస్ట్ లెక్చరర్ లెక్క చూద్దాం. పీరియడ్‌కు 390 రూపాయలు, నెలకు 72 పీరియడ్ల పరిమితి. అన్నీ దొరికినా 28,080. సెలవులు వచ్చి 40 పీరియడ్లే జరిగితే 15,600. అదే పాఠం చెప్పే రెగ్యులర్ అధ్యాపకుని మూల వేతనం 2020 వేతన సవరణ ప్రకారం 54,220తో మొదలవుతుంది.

రోస్టర్ ప్రకారం నింపవలసిన పోస్టును పీరియడ్ల లెక్కన నడిపినంతకాలం రిజర్వేషన్ కాగితంపైనే మిగులుతుంది.

కనుక చేరే ముందే అడగాలి: కనీస పీరియడ్లకు హామీ ఉందా? పరీక్షల విధులకు చెల్లిస్తారా? బిల్లు ఎప్పుడు మంజూరవుతుంది? జవాబు లిఖితంగా ఉండాలి. అడిగిన తొలితరం దళిత, బహుజన అధ్యాపకుణ్ణి కృతఘ్నుడిగా చూడడం ‘ఇచ్చింది పుచ్చుకో’ అనే వెట్టి నీతే. సమాన పనికి సమాన వేతన సూత్రం తాత్కాలిక ఉద్యోగులకూ వర్తిస్తుందని 2016లో జగ్జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. షరతులు అడగడం దయను కోరడం కాదు.