గంటకు ఎంత మిగిలింది?

గుంటూరులో ఒక గృహిణి ఇంట్లోంచే నాలుగు పనులు చేస్తోందనుకుందాం. పదో తరగతి పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కల ట్యూషన్ చెబుతుంది. మంగళగిరి చీరలు వాట్సాప్‌లో అమ్ముతుంది. వీడియోలకు సబ్‌టైటిళ్లు రాసిస్తుంది. యూట్యూబ్‌లో వంటల ఛానల్ నడుపుతుంది. వీటిలో ఏది బాగుందని అడిగితే చీరలేనంటుంది, రోజూ ఫోన్‌లో డబ్బు పడిన చప్పుడు వినిపించేది వాటివల్లే కాబట్టి. ఆ మాట నిజమో కాదో తేలాలంటే నాలుగు పనులూ ఒకే షీటులోకి రావాలి. ఇక్కడి అంకెలు ఉదాహరణకు నేను వేసుకున్నవి. అయితే లెక్క ఎక్కడెక్కడ తప్పుదారి పడుతుందో చూపడానికి ఇవి చాలు.

గూగుల్ షీట్స్‌లో పనికో పేజీ పెట్టుకోవాలని చాలామందికి అనిపిస్తుంది. అలా పెడితే రెండు వారాల్లో రాయడం మానేస్తారు. ఒకే పేజీ, అయిదు కాలమ్‌లు చాలు: తేదీ, పని పేరు, నిమిషాలు, వచ్చిన డబ్బు, పోయిన డబ్బు. ఏ పని చేసినా, ఏ రూపాయి కదిలినా కింద ఒక వరుస చేరుతుంది, అంతే. పక్కన H2 గడిలో పని పేరు రాసి, దాని పక్క గడిలో ఈ సూత్రం పెడితే ఆ పనికి గంటకు ఎంత మిగిలిందో వస్తుంది.

```
=(SUMIFS(D:D,B:B,H2)-SUMIFS(E:E,B:B,H2))/(SUMIFS(C:C,B:B,H2)/60)
```

పని పేరును మాత్రం చేత్తో టైపు చేయొద్దు, డ్రాప్‌డౌన్ పెట్టుకోండి. ఒకరోజు ‘ట్యూషన్’ అనీ ఇంకోరోజు ‘ట్యూషన్లు’ అనీ రాస్తే షీటు వాటిని వేర్వేరు పనులుగా చూస్తుంది. పేరు చివర కనిపించని ఖాళీ ఒకటి పడినా అంతే. పనులవారీగా వచ్చిన డబ్బు కలిపితే D కాలమ్ మొత్తానికి సరిపోవాలి. సరిపోకపోతే ఏదో ఒక పేరు తేడాగా పడిందని అర్థం.

డబ్బు రాయడం ఎవరూ మరిచిపోరు. చిక్కంతా నిమిషాల దగ్గరే. మన గృహిణి మూడు నెలల్లో అరవై వేల రూపాయల చీరలు అమ్మింది. వాటి కొనుగోలు ధర 46,000. కొరియర్‌కు, తిరిగొచ్చిన చీరలకు 3,200 పోయింది. మిగిలింది 10,800. ఫొటోలు తీయడం, ప్యాకింగ్, కొరియర్ ఆఫీసుకు వెళ్లిరావడం కలిపి 40 గంటలు రాసుకుంది. అంటే గంటకు 270 రూపాయలు. ట్యూషన్‌లో 27,000 వచ్చింది. తరగతులకు 72 గంటలు, పాఠం తయారీకి, పేపర్లు దిద్దడానికి, తల్లిదండ్రుల ఫోన్లకు ఇంకో 36 గంటలు కలిపి మొత్తం 108. గంటకు 250. చీరలే గెలిచినట్టు కనిపిస్తోంది.

కానీ ‘ఈ రంగులో ఇంకోటి ఉందా’, ‘అంచు దగ్గరగా చూపించండి’, ‘వందైనా తగ్గించరా’ అనే మెసేజ్‌లకు జవాబులిచ్చిన సమయం ఆ 40 గంటల్లో లేదు. అన్నం వండుతూ, బస్సులో కూర్చుని, రాత్రి పడుకునే ముందు రెండేసి నిమిషాలు ఇచ్చిన జవాబులు పనిలా అనిపించవు కాబట్టి రాసుకోలేదు. చీరల వ్యవహారాన్ని వాట్సాప్ బిజినెస్‌కు మారిస్తే ఆ తేడా బయటపడుతుంది. అది విడి యాప్ కాబట్టి, ఆండ్రాయిడ్ ఫోన్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ తెరిస్తే ఆ యాప్‌లో రోజుకు ఎన్ని నిమిషాలు గడిచాయో విడిగా చూపిస్తుంది. రోజుకు యాభై మూడు నిమిషాలు తేలిందనుకుంటే మూడు నెలలకు దాదాపు 80 గంటలు. అప్పుడు చీరల లెక్క 120 గంటలకు చేరి, గంటకు 90 రూపాయలకు పడిపోతుంది. మొదటి స్థానంలో ఉన్న పని సబ్‌టైటిళ్ల కన్నా కిందికి దిగుతుంది. వాటికి 60 గంటలకు 9,600, గంటకు 160 వస్తోంది మరి.

డబ్బు కాలమ్‌లో కూడా ఒక జాగ్రత్త ఉంది. బ్యాంకులో పడిన రోజును కాదు, ఆ డబ్బు ఏ నెల పనికి వచ్చిందో ఆ నెలను చూసి రాయాలి. యూట్యూబ్ ప్రకటనల డబ్బు యాడ్‌సెన్స్ ద్వారా వస్తుంది. ఖాతాలో వంద డాలర్లు నిండేదాకా అది బ్యాంకుకు కదలదు. నిండాక కూడా మరుసటి నెల 21 తర్వాతే పంపుతారు. మూడు నెలలకు 4,500 రూపాయలు సంపాదించిన ఛానల్ నుంచి ఆ మూడు నెలల్లో బ్యాంకుకు ఒక్క పైసా రాకపోవచ్చు. టీడీఎస్ కోసుకుని ఇచ్చే చోట కోతకు ముందున్న మొత్తాన్నే రాసుకోవాలి. కోసిన సొమ్ము మన పేరుమీదే ఉంటుంది, రిటర్ను వేసినప్పుడు లెక్కలోకి వస్తుంది.

ఇప్పుడు ఛానల్ సంగతి. వచ్చింది 4,500, సరుకులకు పోయింది 1,500, పట్టిన సమయం 100 గంటలు. గంటకు 30 రూపాయలు. మూసేయమని షీటు చెబుతున్నట్టే ఉంది. అయితే యూట్యూబ్ స్టూడియోలో ఏ వీడియోకు ఎంత వచ్చిందో విడివిడిగా కనిపిస్తుంది. అక్కడ చూస్తే 4,500లో 3,000 నిరుడు పెట్టిన రెండు పచ్చళ్ల వీడియోలదని తేలిందనుకోండి. ఈ మూడు నెలల్లో కొత్తగా చేసినవన్నీ కలిసి తెచ్చింది 1,500. వాటి సరుకులకు పోయిందీ అంతే. అంటే ఆ 100 గంటలు ఇప్పటిదాకా ఏమీ తేలేదు. పాత వీడియోలు మాత్రం ఆమె ఒక్క నిమిషం పెట్టకపోయినా సంపాదిస్తున్నాయి.

నా దృష్టిలో ఈ షీటు మొత్తంలో అన్నిటికన్నా విలువైన సంగతి ఇదే. సగటు లెక్క గడిచిపోయిన గంటల గురించి చెబుతుంది. మనకు కావలసింది రేపు పెట్టబోయే గంట ఏం తెస్తుందన్నది. కాబట్టి పాత వీడియోలకూ కొత్త వీడియోలకూ డ్రాప్‌డౌన్‌లో వేర్వేరు పేర్లు పెట్టుకోవాలి. కొత్తవాటిలో ఏదో ఒకటి పచ్చళ్ల వీడియోలా నిలదొక్కుకోవచ్చు కదా అనిపిస్తుంది. ఛానల్‌లో ఉన్న నలభై వీడియోల్లో నిలదొక్కుకున్నవి రెండే అయితే, ఆ ఆశ మీద ఇంకో వంద గంటలు పెట్టమని నేను చెప్పను.

ట్యూషన్‌కూ ఇదే ప్రశ్న వేయాలి. ఉన్న బ్యాచ్‌లోకే ఇంకో పిల్లవాడు వస్తే తరగతి గంటలు పెరగవు, పేపర్లు దిద్దే సమయమే కాస్త పెరుగుతుంది. అప్పుడు ఆ అదనపు గంటకు 250 కన్నా చాలా ఎక్కువే మిగులుతుంది. విడిగా ఇంకో బ్యాచ్ మొదలుపెడితే అంత రాదు. పైగా పదో తరగతి పరీక్షలు అయిపోగానే ఆ పిల్లలు వెళ్లిపోతారు, వేసవిలో చేతిలో ఏమీ ఉండదు. అందుకే సబ్‌టైటిళ్లను 160 దగ్గరే ఉన్నా వదలకూడదు. రాబడి అంతా ఒకే పని మీదికి చేరితే మే నెల గడవడం కష్టం.

మూడు నెలల లెక్క చూసి చీరలు మానేయాలనుకుంటే ముందు ఆ మూడు నెలలు ఏవో చూడాలి. శ్రావణం, దసరా అందులో పడితే అమ్మకాలు మామూలుకన్నా ఎక్కువే ఉంటాయి. అంత గిరాకీలోనూ గంటకు 90 దాటలేదంటే మానేయడానికి వెనకాడక్కర్లేదు. మూఢం రోజుల లెక్కయితే ఇంకో మూడు నెలలు ఆగాలి. మానేటప్పుడు కొత్త సరుకు తేవడం ముందు ఆపి, ఇంట్లో ఉన్నవి కొన్న ధరకైనా అమ్మేసి, రావలసిన బాకీలు వసూలయ్యేదాకా ఆ పేరును షీటులో ఉంచాలి.

ఛానల్‌ను మూసేయకూడదు, కొత్త వీడియోలు తగ్గించాలి. అయితే పూర్తిగా ఆపేయడం కుదరదు. ఆరు నెలలకు పైగా వీడియో గానీ పోస్టు గానీ పెట్టని ఛానల్‌కు యూట్యూబ్ ప్రకటనల రాబడిని ఆపేసే వీలుంది. నెలకు ఒక చిన్న వీడియో పెట్టి, దానికి పట్టిన నిమిషాలను కొత్త వీడియోల పేరు కింద రాయాలి. పాత వీడియోల వరుసలో నిమిషాలు సున్నాగా ఉండటంతో పైన చెప్పిన సూత్రం అక్కడ భాగహారం తప్పు చూపిస్తుంది. దాన్ని పట్టించుకోకుండా ఆ వరుసలో నెలనెలా వచ్చిన మొత్తాన్నే చూసుకోవాలి. అది వెయ్యి దగ్గర నిలబడితే మంచిదే. నాలుగు వందలకు దిగితే పచ్చళ్ల వీడియోల గిరాకీ అయిపోతోందని, వచ్చే ఏడాది లెక్కలో ఆ డబ్బును కలుపుకోకూడదని తెలుస్తుంది.