వీధిలో ఏడో టైలరు

ఒకే వీధిలో ఆరుగురు లేడీస్ టైలర్లు ఉన్నచోట ఏడో కొట్టు తెరిచిన మనిషి మొదట చేసే పని కుట్టుకూలి తగ్గించడం. వారం తిరక్కుండా పక్క కొట్టువాళ్లూ తగ్గిస్తారు. ఇక మిగిలేది ‘అన్ని మోడల్స్ కుట్టబడును’ అన్న బోర్డు. అది ఆ ఆరు కొట్లకీ ఉన్నదే.

ఏం తేడా చూపించాలో కుట్టించుకునేవాళ్లే చెప్పగలరు. అయితే అడిగే తీరులో ఉంది కిటుకు. “నేను కుడితే వస్తారా?” అంటే మొహమాటానికి అందరూ వస్తామనే అంటారు. “కిందటిసారి కుట్టించిన జాకెట్టు ఎలా కుదిరింది?” అని అడిగితే అసలు సంగతులు బయటికొస్తాయి. చంకలో పట్టేసిందని ఒకరు, మొదటి ఉతుక్కే లైనింగు కుంచించుకుపోయిందని ఒకరు, పెళ్లికి ఇస్తానన్నది పెళ్లయ్యాక ఇచ్చాడని ముగ్గురు. పదిహేనుమందిని అడిగి, ఎక్కువసార్లు వినబడ్డ మాట పట్టుకోవాలి.

అది ఆలస్యమే అనుకుందాం. టైలరు బద్ధకస్తుడేం కాదు. వచ్చిన గుడ్డను కాదంటే మనిషి మళ్లీ రాదేమోనని భయం, అందుకే చేతనైనదానికంటే ఎక్కువ ఒప్పుకుంటాడు. ఏడో టైలరు రోజుకు నాలుగు లైనింగు జాకెట్లు కుట్టగలదనుకుంటే ఆరు రోజులకు ఇరవై నాలుగు. నాలుగింటి సమయం సరిచేతలకు వదిలి, వారానికి ఇరవయ్యే రాసుకోవాలి. ఇరవై ఒకటో మనిషికి “ఈ వారం కాదండీ, వచ్చే బుధవారం ఇస్తాను” అని చెప్పాలి. ఈ పద్ధతిలో కష్టమంతా ఆ మాట అనడంలోనే ఉంది. పక్కవాళ్లు తొందరగా అనుకరించలేనిదీ అదే.

తేదీకి ఇచ్చినా కొలత తప్పితే లాభం లేదు. కాటన్ లైనింగును కత్తిరించే ముందే నానబెట్టి ఆరేయాలి. ఆ ఒక్క రోజూ తేదీలో కలిపి చెప్పాలి. పక్క కుట్లలో అంగుళం గుడ్డ వదిలితే తర్వాత వదులు చేయడానికి వీలుంటుంది. హుక్కులూ చేతికుట్లూ బయటివాళ్లకిస్తే, వాళ్లు మానేసిన రోజు మన మాటా పోతుంది.

పని చేస్తోందో లేదో కొత్తగా వచ్చినవాళ్లు చెప్పే కారణం రాసుకుంటే తెలుస్తుంది. “ఇల్లు దగ్గరని వచ్చాం” అన్నవాళ్లే ఎక్కువైతే తేదీ మాట ఇంకా పాకలేదు. “శుక్రవారం వ్రతం, మీరైతే ఇస్తారన్నారు” అన్నవాళ్లు పెరుగుతుంటే అప్పుడు కూలి కాస్త పెంచినా చెల్లుతుంది.

ఆషాఢంలో మాత్రం ఈ మాటకు గిరాకీ ఉండదు. పెళ్లిళ్లు లేవు, తొందర లేదు. మిగతా కొట్లు విసుక్కుని తిప్పిపంపే సరిచేతలు ఆ నెల రోజులూ తీసుకోవచ్చు. వేరేచోట పాడైన జాకెట్టు బాగుచేయించుకున్న మనిషి శ్రావణం జాకెట్టు గుడ్డ కూడా అక్కడికే తెస్తుంది.