298 వోల్టులు ఎక్కడివి?

బరువైన ఇనుప చోక్‌తో వెలిగే పాత నాలుగడుగుల ట్యూబ్‌లైట్లు ఇప్పటికీ కొన్ని వర్క్‌షాపుల్లో, బడి వరండాల్లో ఉన్నాయి. అది వెలుగుతుండగా తెలిసిన ఎలక్ట్రీషియన్ మీటర్ పెట్టి చూస్తే లెక్క తప్పినట్టు అనిపిస్తుంది. ట్యూబ్ రెండు కొనల మధ్య సుమారు 103 వోల్టులు, చోక్ మీద సుమారు 195 వోల్టులు చూపిస్తుంది. రెండూ ఒకదాని వెంట ఒకటిగా, అంటే సిరీస్‌లో ఉన్నాయి కాబట్టి కూడితే సరఫరా వోల్టేజీ రావాలి కదా? కూడితే 298 వస్తోంది. సరఫరా చూస్తే 230 వోల్టులే.

మీటర్ బాగానే ఉంది. తప్పల్లా కూడిక పద్ధతిలో ఉంది. మన ఇళ్లకు వచ్చే ఏసీ కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఒక్కో ఊగుకు 20 మిల్లీసెకన్లు పడుతుంది. మీటర్ చూపే అంకె ఆ ఊగు ఎంత పెద్దదో చెబుతుంది కానీ, ఏ క్షణాన శిఖరానికి చేరిందో చెప్పదు. ట్యూబ్ మీది వోల్టేజీ, చోక్ మీది వోల్టేజీ వేర్వేరు క్షణాల్లో శిఖరానికి చేరుతున్నాయి. తూర్పుకు మూడు కిలోమీటర్లు, అక్కడి నుంచి ఉత్తరానికి నాలుగు కిలోమీటర్లు నడిచినవాడు బయల్దేరిన చోటికి ఏడు కాదు, అయిదు కిలోమీటర్ల దూరంలోనే ఉంటాడు. ఈ వోల్టేజీల కూడిక కూడా అలాంటిదే.

శిఖరాలు ఎందుకు కలవవో చూద్దాం. సిరీస్ సర్క్యూట్‌లో అన్నిటి గుండా పారేది ఒకే కరెంటు. కాబట్టి దాన్నే గడియారంగా పెట్టుకుని మిగతావి ముందా వెనకా అని చూడడం తేలిక. రెసిస్టెన్స్ సంగతి సూటిగా ఉంటుంది: కరెంటు పెరిగితే దాని మీది వోల్టేజీ అప్పుడే పెరుగుతుంది, తగ్గితే అప్పుడే తగ్గుతుంది. చోక్ అలా కాదు. ఇనుప రేకుల చుట్టూ చుట్టిన ఆ తీగచుట్ట పట్టించుకునేది కరెంటు ఎంత ఉందన్నది కాదు, ఎంత వేగంగా మారుతోందన్నది. ఊగే కరెంటు అతి వేగంగా మారేది సున్నాను దాటేటప్పుడు. శిఖరం దగ్గర అది క్షణకాలం నిలకడగా ఉంటుంది. అందువల్ల చోక్ మీది వోల్టేజీ కరెంటు శిఖరానికి చేరడానికి పావు ఊగు ముందే, అంటే 5 మిల్లీసెకన్ల ముందే తన శిఖరం చూసేస్తుంది. ఈ ముందువెనకల తేడానే ఫేజ్ అంటారు. పూర్తి ఊగును 360 డిగ్రీలు అనుకుంటే పావు ఊగు 90 డిగ్రీలు.

ఇక అంకెల్లోకి వద్దాం. ఈ ట్యూబ్ గుండా పారే కరెంటు సుమారు 0.43 ఆంపియర్లు. 103 వోల్టులను 0.43తో భాగిస్తే 240 ఓమ్‌లు. చోక్ తీగ రెసిస్టెన్స్, ఇనుములో వేడిగా పోయే నష్టం కలిపి మరో 50 ఓమ్‌లు అనుకుంటే మొత్తం 290. నిజానికి ట్యూబ్ శుద్ధమైన రెసిస్టెన్స్ కాదు, దాని వోల్టేజీ అలలో వంకరలుంటాయి. అయినా ఈ లెక్క నిజానికి చాలా దగ్గరగానే ఉంటుంది. మొత్తం సర్క్యూట్ అడ్డు ఎంత? 230ని 0.43తో భాగిస్తే సుమారు 535 ఓమ్‌లు. ఈ మొత్తం అడ్డునే ఇంపెడెన్స్ అంటారు.

290 ఓమ్‌ల రెసిస్టెన్స్‌తో 535 ఎలా వచ్చింది? మిగతాది చోక్ అడ్డు. దాన్ని రియాక్టెన్స్ అంటారు. అది 90 డిగ్రీల తేడాతో ఉంటుంది కాబట్టి లంబకోణ త్రిభుజం గీయాలి. ఒక భుజం 290, కర్ణం 535 అయితే రెండో భుజం సుమారు 450. పదో తరగతి పైథాగరస్ సిద్ధాంతం చాలు. ఆ త్రిభుజంలో కర్ణానికీ 290 భుజానికీ మధ్య కోణం సుమారు 57 డిగ్రీలు. అంటే ఈ లైటు తీసుకునే కరెంటు సరఫరా వోల్టేజీకి దాదాపు 3.2 మిల్లీసెకన్లు వెనకబడి నడుస్తోంది.

ఇంత చుట్టుదారి ఎందుకు, ట్యూబ్‌కు వరుసలో ఒక మామూలు రెసిస్టెన్స్ పెడితే పోదా అనిపించవచ్చు. కరెంటు పెరిగే కొద్దీ ట్యూబ్‌లోని వాయువు అడ్డు తగ్గుతూ పోతుంది కాబట్టి కళ్లెం వేసేది ఏదో ఒకటి ఉండాల్సిందే. రెసిస్టెన్స్ పెడితే అది 50 వాట్లకు పైగా వేడిగా తగలేస్తుంది. చోక్ అయితే పావు ఊగు పాటు శక్తిని తన అయస్కాంత క్షేత్రంలో దాచుకుని, తర్వాతి పావు ఊగులో తిరిగి ఇచ్చేస్తుంది. పోయేది ఆ 50 ఓమ్‌ల తాలూకు తొమ్మిది వాట్లు మాత్రమే.

పక్కపక్కన రెండు ట్యూబ్‌లుండే ఫిటింగుల్లో ఒక చమత్కారం చేసేవారు. మొదటి ట్యూబ్‌కు చోక్ ఒక్కటే ఉంటుంది. రెండోదానికి చోక్‌తో పాటు సిరీస్‌లోనే ఒక కెపాసిటర్ కూడా ఉంటుంది. మన ఎలక్ట్రీషియన్లు దాన్ని కండెన్సర్ అంటారు. కెపాసిటర్ నడక చోక్‌కు సరిగ్గా ఎదురు. దాని వోల్టేజీ లోపల పోగైన చార్జి మీద ఆధారపడుతుంది. కరెంటు ఒక దిక్కున పారినంతసేపూ చార్జి పోగవుతూనే ఉంటుంది. కరెంటు తగ్గి తగ్గి సున్నా అయిన క్షణంలో కెపాసిటర్ పూర్తిగా నిండి ఉంటుంది. అంటే దాని వోల్టేజీ కరెంటుకు పావు ఊగు వెనక. చోక్‌ది పావు ఊగు ముందు. రెండిటి మధ్య సగం ఊగు తేడా ఉంది కాబట్టి ఒకటి పైకి లాగే క్షణంలో రెండోది అంతే కచ్చితంగా కిందికి లాగుతుంది. అందుకే ఈ రెండిటి రియాక్టెన్స్‌లకు త్రిభుజం గీయనక్కర్లేదు, ఒకదానిలోంచి ఒకటి తీసేయడమే.

ఆ కెపాసిటర్ విలువ సుమారు 3.5 మైక్రోఫారడ్లు. 50 హెర్ట్జ్ దగ్గర దాని అడ్డు 900 ఓమ్‌ల దాకా ఉంటుంది. అందులోంచి చోక్ 450 తీసేస్తే మిగిలేది 450, కాకపోతే ఇప్పుడు కెపాసిటర్ వైపు. త్రిభుజం అదే, కేవలం తలకిందులైంది. ఇంపెడెన్స్ మళ్లీ 535, కరెంటు మళ్లీ 0.43. కానీ ఈసారి కరెంటు సరఫరా వోల్టేజీకి 57 డిగ్రీలు ముందు నడుస్తుంది. రెండు ట్యూబ్‌లూ సమానంగా వెలుగుతాయి, ఒకటి వెనకబడి, ఒకటి ముందుబడి. వెనకా ముందూ కొట్టుకుపోవడంతో ఉమ్మడి తీగలో 0.86 ఆంపియర్లకు బదులు 0.47 మాత్రమే పారుతుంది. మరో లాభం కూడా ఉంది. ఒక్కో ట్యూబ్ సెకనుకు 100 సార్లు మసకబారుతుంది. ఒకటి మసకబారే క్షణంలో రెండోది వెలుగులో ఉంటుంది కాబట్టి, లేత్ మెషీన్ మీద తిరిగే చక్ ఆగిపోయినట్టు భ్రమ కలిగే ప్రమాదం తగ్గుతుంది.

ఆ కెపాసిటర్ ఒంటి మీద 450 వోల్టులని రాసి ఉండడం చూసి, 230 వోల్టుల ఇంట్లో ఇదేమిటని తికమకపడేవాళ్లుంటారు. 0.43ను 900తో హెచ్చిస్తే 387. ఆ కెపాసిటర్ మీద నిజంగానే అంత వోల్టేజీ ఉంటుంది. చోక్ మీది వోల్టేజీ దానికి ఎదురు లాగుతుంది కాబట్టి ఆ పెద్ద అంకె సరఫరా దగ్గర కనిపించదంతే. 250 వోల్టుల కెపాసిటర్ తెచ్చి అక్కడ బిగిస్తే ఎక్కువ కాలం బతకదు. స్విచ్ ఆపినా అందులో చార్జి నిలిచే ఉండవచ్చు, డిశ్చార్జి కానిదే చేయి పెట్టకూడదు.

ఇప్పుడు ఒక ప్రశ్న. 3.5కు బదులు 7 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెడితే? దాని అడ్డు 450 ఓమ్‌లకు దిగుతుంది. చోక్‌దీ 450. ఒకదానిలోంచి ఒకటి పోగా మిగిలేది సున్నా. కళ్లెం మాయమైంది. ఇంపెడెన్స్ అంటే ఇప్పుడు కేవలం 290 ఓమ్‌ల రెసిస్టెన్స్, కరెంటుకూ సరఫరా వోల్టేజీకీ మధ్య ఫేజ్ తేడా లేదు. లెక్క ప్రకారం కరెంటు దాదాపు 0.8 ఆంపియర్లకు చేరుతుంది. అసలు ట్యూబ్‌లో అక్కడితోనూ ఆగదు, ఎందుకంటే కరెంటు పెరిగితే ట్యూబ్ అడ్డు ఇంకా తగ్గుతుంది. ఈ స్థితికే అనునాదం అని పేరు, ఇంగ్లీషులో రెజొనెన్స్ అంటారు. అంటే ఆ ఫిటింగు తయారుచేసినవాళ్లు అనునాదాన్ని దాటేసి, దానికి రెండో పక్కన, సరిగ్గా అంతే దూరంలో కెపాసిటర్ విలువను ఎంచుకున్నారన్నమాట.

కెపాసిటర్‌ను మార్చకుండా ఫ్రీక్వెన్సీని మార్చినా అనునాదం వస్తుంది. ఫ్రీక్వెన్సీ పెరిగితే కరెంటు మార్పు వేగం పెరిగి చోక్ అడ్డు పెరుగుతుంది. కెపాసిటర్‌కు నిండే వ్యవధి తగ్గి దాని అడ్డు తగ్గుతుంది. ఒకటి ఎక్కుతూ, ఒకటి దిగుతూ ఎక్కడో ఒకచోట సమానమవుతాయి. ఆ చోటు ఇది:

f = 1 / (2π√(LC))

L అంటే చోక్ ఇండక్టెన్స్, మన చోక్‌కు సుమారు 1.43 హెన్రీలు. C అంటే కెపాసిటర్ విలువ, 3.54 మైక్రోఫారడ్లు. వేసి చూస్తే దాదాపు 71 హెర్ట్జ్ వస్తుంది. మన సరఫరా 50 దగ్గర, అంటే అనునాదానికి దిగువన ఉంది. దిగువన కెపాసిటర్‌దే పైచేయి, ఎగువన చోక్‌ది. ఆ సూత్రంలో రెసిస్టెన్స్ ఎక్కడా లేదు. అనునాదం ఏ ఫ్రీక్వెన్సీ దగ్గరన్నది దాని చేతిలో లేదు, ఎంత ఉధృతమన్నది మాత్రం దాని చేతిలోనే ఉంది. ట్యూబ్ తీసేసి, 50 ఓమ్‌ల నష్టమున్న చోక్‌కు 7 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఒక్కటే కలిపి 230 వోల్టులు ఇస్తే, కాగితం మీద 4.6 ఆంపియర్లు పారి, చోక్ మీద 2,000 వోల్టులు దాటాలి. వాస్తవంలో అంత కరెంటుకు చోక్ ఇనుము నిండిపోయి ఇండక్టెన్స్ పడిపోతుంది, లేదా అంతకంటే ముందే కెపాసిటర్ పగులుతుంది. ఇది చేసి చూడాల్సిన ప్రయోగం కాదు.

తిరిగి ఆ జంట ట్యూబ్‌ల దగ్గరికే వస్తే, కెపాసిటర్ పాడైన సంగతి ఎలా తెలుస్తుంది? ఏళ్లు గడిచి దాని విలువ 2.5 మైక్రోఫారడ్లకు తగ్గిందనుకోండి. అడ్డు 1,270 ఓమ్‌లు దాటి, కరెంటు 0.26కు పడుతుంది. ఆ ట్యూబ్ మసకగా వెలుగుతుంది, లేదా స్టార్టర్ కొట్టుకుంటూనే ఉంటుంది. కంటికి కనిపించే జబ్బు ఇది. కెపాసిటర్ లోపల షార్ట్ అయితే మాత్రం వింత. 900 ఓమ్‌లు పోయి చోక్ 450 ఒక్కటే మిగులుతుంది, ఇంపెడెన్స్ మళ్లీ అదే 535. ట్యూబ్ వెలుగు రవ్వంత కూడా మారదు, ఎవరూ ఫిర్యాదు చేయరు. రెండు ట్యూబ్‌లూ ఇప్పుడు ఒకేసారి మసకబారుతుంటాయి. క్లాంప్ మీటర్‌ను రెండిటి ఉమ్మడి ఫేజ్ తీగకు తగిలిస్తే 0.47 ఉండాల్సిన చోట 0.86 కనిపిస్తుంది.